లైకులు వందల్లో, ఫారిన్ ఆర్డర్ ఒక్కటీ లేదు: కొండపల్లి బొమ్మల పేజీకి ఏం చేయాలి?

కొండపల్లి_పిల్ల
మా పిన్నీ బాబాయిలది కొండపల్లి బొమ్మల కాలనీ. బాబాయి తెల్ల పొణికి కర్ర చెక్కుతాడు, పిన్ని మక్కు పెట్టి అతికించి, సున్నం పూసి, రంగులు వేస్తుంది. ఏడాదిగా ఇన్‌స్టాలో పేజీ నడుపుతున్నాం. ఫోటోలు పిన్నే తీస్తుంది, ఇంగ్లీషులో రాసేది నేను. పోస్టుకి వందకు పైనే లైకులు వస్తాయి. తయారీ వీడియో ఒకటి 40 వేల మంది చూశారు. కానీ బయటి దేశాల నుంచి ఒక్క ఆర్డర్ కూడా లేదు. కొనేవాళ్లంతా విజయవాడ షాపుల వాళ్లే. వాళ్లు బేరమాడి తీసుకెళ్లే దశావతారాల సెట్టే అమెరికాలో ఎన్నో రెట్లకు అమ్ముడవుతోందని అక్కడివాళ్లే మెసేజ్ పెడుతున్నారు. దసరాకి ఇంకా రెండు నెలలుంది. తమ్ముడేమో డబ్బులు పెట్టి బూస్ట్ చేయమంటున్నాడు. చేయాలా? లోపం పోస్టుల్లో ఉందా? అసలు ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలి?

పటమట_రాజు
టైమింగ్ చూసుకో. మీరు మధ్యాహ్నం పెడుతుంటే అమెరికాలో అర్ధరాత్రి. పొద్దున ఆరున్నరకి పెట్టు, అక్కడ న్యూయార్క్ వైపు రాత్రి తొమ్మిది అవుతుంది. అంతా భోజనాలు చేసి ఫోన్ పట్టుకునే వేళ. ఈ ఒక్కటి మారిస్తే చాలు.

కృష్ణలంక_కుర్రోడు
బూస్ట్ కొట్టు. 500 పెడితే వేలమందికి వెళ్తుంది. ఊరికే ఏదీ రాదు.

మంగళగిరి_మగ్గం
నాదీ ఇదే గోల. చీరల పేజీకి బూస్ట్ చేశాను. లైకులు కుప్పలుగా వచ్చాయి, కొన్నవాళ్లు లేరు. లైక్ కొట్టినవాళ్ల ప్రొఫైళ్లు తెరిచి చూస్తే చాలామంది కుర్రాళ్లు, చీరలతో పనిలేనివాళ్లు.

లబ్బీపేట_లెక్కలు
మగ్గం గారు చెప్పిందే అసలు విషయం. బూస్ట్ చేసేటప్పుడు ఏం కావాలని అడుగుతుంది కదా. అక్కడ ప్రొఫైల్ చూడటం లాంటిది ఎంచుకుంటే ఊరికే నొక్కి చూసిపోయేవాళ్లనే వెతికి చూపిస్తుంది. మెసేజ్‌లు కావాలని ఎంచుకోవాలి, ఊళ్లు కూడా మనమే పెట్టాలి. అయినా ఇప్పుడే వద్దు. ఏ ఫోటో పనిచేస్తుందో తెలియకుండా డబ్బు పెడితే, పనిచేయని ఫోటోనే ఎక్కువమందికి చూపించినట్టు అవుతుంది.

పిల్లా, ముందు ఒక్కటి చెప్పు. ఆ 40 వేల వీడియో కింద ఎలాంటి మెసేజ్‌లు వచ్చాయి?

కొండపల్లి_పిల్ల
ఇప్పుడే పిన్నితో కూర్చుని చూశాను. "బాగుంది", "మన కళ", "ఎక్కడ నేర్పిస్తారు", "ఈ కర్ర పేరేంటి". ధర అడిగినవాళ్లు నలుగురైదుగురు, అందరూ మన దేశం వాళ్లే.

లబ్బీపేట_లెక్కలు
అంటే ఆ వీడియో చూసేవాళ్లకి, కొనేవాళ్లకి కాదు. తీసేయక్కర్లేదు, దాని పని వేరు. కానీ మీరు లెక్కపెట్టాల్సింది వ్యూస్ కాదు, లైకులు కాదు. బయటి దేశం నంబరు నుంచి ధర అడిగిన మెసేజ్‌లు. ఏ దేశం వాళ్లు చూశారో తెలిస్తే చాలదు, ధర అడిగింది ఏ దేశం వాళ్లో తెలియాలి. వాట్సాప్‌కి రప్పిస్తే నంబరు ముందున్న కోడే చెప్పేస్తుంది. +61 ఆస్ట్రేలియా, +44 బ్రిటన్, +65 సింగపూర్. +1 మాత్రం అమెరికా, కెనడా రెండూ, అడిగి రాసుకోవాలి.

ఇక టెస్ట్ చేసే పద్ధతి. ఒకే బొమ్మ తీసుకో. రెండు పోస్టులు చెయ్యి, వాటి మధ్య ఒక్క తేడానే ఉండాలి. కింద రాసేదీ, ట్యాగులూ, సంగీతం ఉంటే సంగీతం, అన్నీ ఒకటే. ఒక వారం మొదటిది సోమవారం, రెండోది గురువారం. తర్వాతి వారం తారుమారు చెయ్యి. లేకపోతే గెలిచింది ఫోటోనో, సోమవారమో తెలియదు. ప్రతి పోస్టునీ పెట్టిన 72 గంటలకే కొలువు. ఒకదాన్ని మర్నాడు, ఇంకోదాన్ని పదిరోజులకి చూస్తే పాతది ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుంది.

ఏ మెసేజ్ ఏ పోస్టు నుంచి వచ్చిందో తెలియడానికి ఒక్కో పోస్టుకి ఒక్కో గుర్తు పెట్టు. స్టోరీలో లింక్ స్టిక్కర్ పెడితే ఇలా:

```
https://wa.me/91XXXXXXXXXX?text=Dasavataram%20K1
```

అది నొక్కగానే వాట్సాప్‌లో మెసేజ్ ముందే రాసి ఉంటుంది, వాళ్లు పంపితే చాలు. రెండో రకానికి K2 పెట్టు. పోస్టు కింద రాసిన లింకు మాత్రం నొక్కితే తెరుచుకోదు. అక్కడ "మెసేజ్‌లో K1 అని రాయండి" అని చెప్పాల్సిందే.

తెనాలి_తమ్ముడు
ఎవరూ రాయరన్నా. నా స్వీట్ల పేజీలో కోడ్ పెట్టాను, పదిమందిలో నలుగురు రాస్తే గొప్ప.

లబ్బీపేట_లెక్కలు
నిజమే. రాయనివాళ్లని "ఏ ఫోటో చూశారండీ, ఒకసారి పంపుతారా" అని అడగాలి. చాలామంది స్క్రీన్‌షాట్ పంపేస్తారు. పంపనివాళ్లని తెలియని వరుసలో రాసుకోవాలి. వాళ్లని మనకి నచ్చిన వైపు కలపకూడదు.

నల్లపాడు_మేస్త్రి
టెస్ట్ అంటే రంగుల టెస్ట్ అనుకుని చదువుతున్నా. అది చేయించారా? మా బంధువులు చెక్క బొమ్మలు అమెరికా పంపబోతే అక్కడ సీసం గురించి అడిగారు.

కొండపల్లి_పిల్ల
లేదండీ, ఇది పోస్టుల సంగతి. కానీ మీరు చెప్పిందీ భయపెడుతోంది. ఏం అడిగారు?

వెస్ట్‌కోస్ట్_వెంకట్
దానికి నేను చెప్తా, ఇక్కడ దిగుమతుల పని చేస్తాను. అమెరికాలో 12 ఏళ్లు, అంతకన్నా చిన్న పిల్లల కోసం చేసిన వస్తువైతే గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో టెస్టు చేయించి సర్టిఫికెట్ ఉండాలి. రంగులో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు దాటకూడదు. కొలువులో పెట్టే దశావతారాలు పెద్దవాళ్లు కొనుక్కునే అలంకరణ వస్తువులు, ఆ లెక్క వేరు. అయితే "పెద్దవాళ్లకి" అని ఒక మాట రాస్తే సరిపోదు. ఫోటోలో పిల్లాడు ఆ బొమ్మతో ఆడుకుంటూ ఉంటే, కింద "కిడ్స్ టాయ్" అని ట్యాగ్ ఉంటే, అది పిల్లల వస్తువే అంటారు. మీ పాత పోస్టులు ఒకసారి చూసుకోండి.

కొండపల్లి_పిల్ల
మా చెల్లి కొడుకు ఎడ్లబండి లాగుతున్న ఫోటో ఉంది. ట్యాగుల్లో #kidstoys కూడా ఉంది. రెండూ తీసేస్తున్నాను. పిన్ని వాడేది ఏ రంగో డబ్బా మీద చూసి, సీసం లేనిదే తెప్పించమని బాబాయికి చెప్పాను.

పటమట_రాజు
మరి నేను చెప్పిన ఆరున్నర సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

లబ్బీపేట_లెక్కలు
పట్టించుకున్నాను రాజు గారూ. అన్ని పోస్టులూ ఆరున్నరకే పెట్టమందాం, ఆ లెక్కన టైము తేడా ఉండదు. కానీ అదొక్కటే చాలదు. పోస్టు పెట్టిన గంటలోనే అందరికీ చేరదు, రెండు మూడు రోజులు తిరుగుతూనే ఉంటుంది. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారం మారుతుంది, అప్పటి నుంచి మన ఆరున్నర అంటే వాళ్లకి రాత్రి ఎనిమిది.

ఎడిసన్_అత్తయ్య
అమ్మాయ్, మీ పేజీ చూశాను. బొమ్మలు కళకళలాడుతున్నాయి. కానీ తెల్ల గోడ ముందు ఒక్క మత్స్యావతారం పెట్టి ఫోటో తీస్తే అది బెత్తెడుందో, అడుగుందో నాకేం తెలుస్తుంది? నా కొలువు మెట్టు మీద పడుతుందా లేదా అన్నదే నా మొదటి ప్రశ్న. విజయవాడలో అయితే చేత్తో పట్టుకుని చూస్తాం. ఇక్కడ ఆ వీలు లేదు కదా.

కొండపల్లి_పిల్ల
అయితే మొదటి పరీక్ష అదే. K1 తెల్ల గుడ్డ ముందు సెట్టు. K2 అదే సెట్టు, ముందు పిన్ని అరచేతిలో ఒక బొమ్మ. రాసేది రెండింటికీ ఒకటే. పిన్ని ఒక నోటుబుక్ కొనిపెట్టింది, చూసినవాళ్లు, లైకులు, బయటి నంబర్లు అని గీతలు కూడా గీసేసింది.

కొండపల్లి_పిల్ల
రెండు వారాలైంది. బయటి దేశం మెసేజ్‌లు K1కి 2, K2కి 4. లైకులు మాత్రం K1కే ఎక్కువ. K2 గెలిచినట్టేనా?

కృష్ణలంక_కుర్రోడు
రెట్టింపు వచ్చింది, ఇంకేం కావాలి. అన్నీ అరచేతి ఫోటోలే పెట్టేయండి.

లబ్బీపేట_లెక్కలు
తొందరపడొద్దు. మొత్తం ఆరు మెసేజ్‌లే. రూపాయి బిళ్ల ఆరుసార్లు ఎగరేసి చూడు, బొరుసు రెండుసార్లో అంతకన్నా తక్కువో పడటం మూడింట ఒకసారి జరుగుతుంది. అంటే రెండు ఫోటోలకీ ఏ తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం చాలా మామూలు. ఇంకో రెండు వారాలు అలాగే నడపండి. ఈలోపు ఏదీ మార్చొద్దు, ఆ సెట్టుకి రంగు కూడా.

కృష్ణలంక_కుర్రోడు
దసరా దగ్గర పడుతోంది సార్. పరీక్షలు పెట్టుకుంటూ కూర్చుంటే సీజనే పోతుంది. వ్యాపారంలో కొంత ధైర్యం ఉండాలి.

ఎడిసన్_అత్తయ్య
కుర్రోడు చెప్పిందీ కాదనలేను. ఇక్కడికి సరుకు రావడానికే వారాలు పడుతుంది. నేను కొలువు బొమ్మలు నెలన్నర ముందే చూసుకుంటాను.

లబ్బీపేట_లెక్కలు
పోస్టులు ఆపమనలేదు అత్తయ్యగారూ, రెండు రకాలూ పెడుతూనే ఉంటారు కదా. వచ్చిన ఆర్డర్ వచ్చినట్టే తీసుకుంటారు. ఒకదాన్ని అప్పుడే పారేయొద్దు అంటున్నానంతే.

కొండపల్లి_పిల్ల
నాలుగు వారాలు పూర్తయ్యాయి. ఇది పిన్ని నోటుబుక్‌లోంచి.

K1: నాలుగు పోస్టులు కలిపి 5,200 మందికి చేరింది, లైకులు 610, బయటి దేశం మెసేజ్‌లు 5.
K2: 4,900 మందికి చేరింది, లైకులు 380, బయటి దేశం మెసేజ్‌లు 17.
ఏ పోస్టు నుంచో తెలియనివి 3.

లబ్బీపేట_లెక్కలు
ఇప్పుడు మాట్లాడొచ్చు. K1కి వెయ్యిమందికి ఒక మెసేజ్, K2కి వెయ్యికి మూడున్నర. ఇరవై రెండుసార్లు బిళ్ల ఎగరేస్తే బొరుసు ఐదుసార్లో అంతకన్నా తక్కువో పడటం వెయ్యిలో ఎనిమిదిసార్లే జరుగుతుంది. తెలియని మూడూ K1వే అనుకున్నా 8, 17 అవుతాయి, K2నే ముందుంటుంది, కాకపోతే అంత గట్టిగా చెప్పలేం. లైకులు మాత్రం తప్పు దారి చూపించాయి. వాటినే నమ్మి ఉంటే K1 ఫోటోనే బూస్ట్ చేసేవాళ్లు.

మంగళగిరి_మగ్గం
నాకో అనుమానం. గెలిచింది సైజు తెలియడం వల్లా, లేక చెయ్యి కనిపించి "చేసిన మనిషి వీళ్లే" అన్న నమ్మకం కలగడం వల్లా? పిన్నిగారి చేతికి రంగు మరకలున్నాయి, అదే నన్ను ఆకట్టుకుంది.

ఎడిసన్_అత్తయ్య
సైజే.

తెనాలి_తమ్ముడు
నాకైతే చెయ్యే అనిపిస్తోంది. పక్కన టేపు పెట్టి తీస్తే హార్డ్‌వేర్ షాపు ఫోటోలా ఉంటుంది.

లబ్బీపేట_లెక్కలు
దీన్నిబట్టి చెప్పలేం. చెయ్యి పెడితే రెండూ ఒకేసారి మారాయి. తేల్చాలంటే ఇంకో జత కావాలి: చెయ్యి ఉన్న ఫోటో ఒకటి, చెయ్యి లేకుండా అంగుళాలు రాసిన ఫోటో ఒకటి. సీజన్ అయ్యాక చూసుకోవచ్చు. ఇప్పుడు అంతకన్నా ముఖ్యమైనది, ఆ మెసేజ్‌ల్లో డబ్బు కట్టినవాళ్లెందరు?

కొండపల్లి_పిల్ల
ఒక్కరే. న్యూజెర్సీ ఆవిడ. మిగతావాళ్లు కొరియర్ ఖర్చు చెప్పగానే మాట్లాడటం లేదు. పిన్నికి టెన్షన్ పట్టుకుంది. రాత్రి పన్నెండింటికి లేచి జవాబులిస్తోంది, వాళ్లు "ఓకే, చెప్తాం" అని మాయమైపోతున్నారు.

లబ్బీపేట_లెక్కలు
వాట్సాప్ బిజినెస్‌లో లేబుల్స్ ఉంటాయి. ధర అడిగారు, కొరియర్ చెప్పాం, డబ్బు వచ్చింది అని మూడు పెట్టండి. ఎక్కువమంది ఏ రెండింటి మధ్య ఆగిపోతున్నారో అక్కడే పని ఉంది. మీరు చెప్పినదాన్నిబట్టి మీ సమస్య ఇక ఫోటో కాదు, పెట్టె. ఎంత పెట్టెలో పంపుతున్నారు?

కొండపల్లి_పిల్ల
పది బొమ్మల సెట్టు, నిలబెట్టి ప్యాక్ చేస్తాం. పెట్టె 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 20 ఎత్తు. అన్నీ కలిపి బరువు కిలో ఆరువందలు. కొరియర్ వాళ్లు ఐదు కిలోలకి డబ్బు అడిగారు. మోసం అనుకుని బాబాయి గొడవ కూడా పెట్టుకున్నాడు.

వెస్ట్‌కోస్ట్_వెంకట్
మోసం కాదండీ. విమానంలో చోటుకి డబ్బు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు చాలా కొరియర్లు. మీ పెట్టె 24,000, భాగిస్తే 4.8 కిలోలు. అసలు బరువు, ఈ లెక్క, ఏది ఎక్కువైతే దానికే బిల్లు, పైగా పై అరకిలోకి సవరిస్తారు. తెల్ల పొణికి దూదిలా తేలిక కాబట్టి మీకు ఎప్పుడూ పెట్టె సైజే దెబ్బ కొడుతుంది. బొమ్మల్ని పడుకోబెట్టి రెండు వరసల్లో సర్దితే ఎంత వస్తుందో చూడండి.

కొండపల్లి_పిల్ల
బాబాయి రాత్రంతా సర్ది చూశాడు. 34, 24, 12లో పట్టాయి. 9,792, అంటే 1.96. రెండు కిలోల లోపు!

నల్లపాడు_మేస్త్రి
అంత ఇరుకుగా పెడితే చేతులు విరగవా? మక్కుతో అతికిన చోటే కదా బలహీనం.

కొండపల్లి_పిల్ల
అదే జరిగింది మేస్త్రి గారూ. పెట్టె నడుమెత్తు నుంచి కింద వేసి చూస్తే పరశురాముడి గొడ్డలి ఊడింది. పిన్ని ఇప్పుడు ముందుకు పొడుచుకొచ్చే చేతులకి విడిగా కాగితం చుట్టి, బొమ్మకీ బొమ్మకీ మధ్య అట్ట పెడుతోంది. మూలల మీద కూడా పడేసి చూశాం, నిలిచింది. గొడ్డలి పిడి లోపల సన్న వెదురు పుల్ల పెట్టి అతికిస్తానంటున్నాడు బాబాయి.

ఇబ్రహీంపట్నం_సుబ్బు
పోస్టాఫీసులో అడిగారా? డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం అని ఎగుమతి పార్సిళ్లకి విడిగా ఉంటుంది. కస్టమ్స్ కాగితాలు అక్కడే చేయించుకోవచ్చు, రేటు కూడా కొరియర్ కన్నా తగ్గొచ్చు. రెండు చోట్లా అదే పెట్టె చూపించి అడగండి. ఎగుమతి చేసేవాళ్లకి ఇచ్చే ఐఈసీ కోడ్ తీసుకోండి, విదేశీ వ్యాపారం చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం డీజీఎఫ్‌టీ సైట్‌లో 500 రూపాయల ఫీజు.

వెస్ట్‌కోస్ట్_వెంకట్
సుబ్బు గారికి ఒక మాట కలుపుతా. 800 డాలర్ల లోపు పార్సిల్‌కి అమెరికాలో సుంకం ఉండదని ఇంకా చాలామంది అనుకుంటున్నారు. ఆ వెసులుబాటు 2025 ఆగస్టు 29న పోయింది. చిన్న పార్సిల్‌కీ సుంకం ఉంటుంది. రేట్లు మారుతూ ఉన్నాయి కాబట్టి పంపే వారంలోనే అడిగి తెలుసుకోండి. ముఖ్యంగా ఆ సుంకం ఎవరు కడతారో కొనేవాళ్లకి ముందే చెప్పండి. గుమ్మం దగ్గర డబ్బు అడిగితే పార్సిల్ వెనక్కి తిప్పి పంపేస్తారు.

ఎడిసన్_అత్తయ్య
నేనైతే తీసుకోను. ముందే మొత్తం ఎంతో చెప్తే ఎక్కువైనా కడతాను.

కొండపల్లి_పిల్ల
అత్తయ్యగారి మాటతోనే రెండో పరీక్ష పెట్టాం. రెండూ అరచేతి ఫోటోలే. K3లో ధర లేదు. K4లో బొమ్మల ధర, పంపే ఖర్చు, సుంకం అన్నీ కలిపి "మీ ఇంటికి చేర్చి ఇంత" అని డాలర్లలో రాశాం. దసరా ముందు మూడు వారాలు నడిపాం. రెండింటికీ చేరినవాళ్లు దాదాపు సమానం.

K3: బయటి దేశం మెసేజ్‌లు 16, ఆర్డర్లు 2.
K4: మెసేజ్‌లు 9, ఆర్డర్లు 5.

పటమట_రాజు
ధర రాస్తే మెసేజ్‌లు సగానికి పడిపోయాయి చూశారా. ధర ఎప్పుడూ దాచిపెట్టాలి. ముందు మాట కలపాలి, తర్వాత చెప్పాలి. వన్‌టౌన్‌లో ఏ వ్యాపారినైనా అడగండి.

మంగళగిరి_మగ్గం
రాజు గారూ, ఆర్డర్లు చూడండి, రెండూ ఐదూ.

పటమట_రాజు
రెండూ ఐదూ అంటే మళ్లీ రూపాయి బిళ్లే కదా, లెక్కల సార్ పద్ధతిలో.

లబ్బీపేట_లెక్కలు
రాజు గారి మాట నిజం. ఏడు ఆర్డర్లలో ఇలా పడటం నాలుగైదింట ఒకసారి ఊరికే జరుగుతుంది. ఆర్డర్లు ధర రాయడం వల్లే పెరిగాయని ఈ లెక్కతో నేను చెప్పను. కానీ ధర దాచడం వల్ల ఆర్డర్లు పెరిగాయని కూడా ఇందులో లేదు. మెసేజ్‌లు తగ్గాయంటే కొననివాళ్లు ముందే తప్పుకున్నారేమో. పిన్నిగారి నిద్రని కూడా లెక్కలో వేసుకుంటే, నేనైతే ధర రాసే నడుపుతూ లెక్కపెడతాను.

కొండపల్లి_పిల్ల
పిన్ని మాటా అదే. K3 వాళ్లలో ఒక్కొక్కరితో నాలుగైదు రోజులు మాట్లాడాల్సి వచ్చింది. K4 వాళ్లు "ఎప్పుడు పంపుతారు, డబ్బు ఎలా కట్టాలి" అనే రెండే అడిగారు. ఇక అన్ని పోస్టుల్లో ధర ఉంటుంది. ఈ పరీక్షలో వచ్చిన ఆర్డర్లకి ఏడు సెట్లు వెళ్లాయి: అమెరికాకి ఐదు, సింగపూర్‌కి ఒకటి, లండన్‌కి ఒకటి. షాపుకి ఇచ్చే ధర కన్నా సెట్టుకి మిగిలేది బాగా ఎక్కువ, పెట్టె, అట్ట, కాగితం ఖర్చు తీసేశాక కూడా.

కృష్ణలంక_కుర్రోడు
ఇప్పుడైనా బూస్ట్ చేయొచ్చా సార్?

లబ్బీపేట_లెక్కలు
ఇప్పుడు చేయొచ్చు తమ్ముడూ. K4 ఫోటోకి, మెసేజ్‌లు కావాలని ఎంచుకుని, ఎడిసన్, ఫ్రిస్కో లాంటి మనవాళ్లున్న ఊళ్లు పెట్టి. ఒక ఆర్డర్ రావడానికి ఎంత ఖర్చయిందో రాసుకోండి. అది సెట్టు మీద మిగిలేదానిలో సగం దాటితే ఆపేయండి. ఇంకోటి, బూస్ట్ ద్వారా వచ్చినవాళ్లకి K5 అని వేరే గుర్తు పెట్టండి. ఊరికే వచ్చినవాళ్లతో కలిపితే డబ్బు పనిచేసిందో లేదో ఎప్పటికీ తెలియదు.

ఎడిసన్_అత్తయ్య
నా సెట్టు వచ్చింది. పది బొమ్మలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. మా తమిళ స్నేహితురాలు చూసి ఏనుగు అంబారీ అడిగింది. అంబారీ ఎత్తుగా ఉంటుందిగా, ఆ పెట్టె లెక్క ఎంతవుతుంది?

కొండపల్లి_పిల్ల
అంబారీని ఏనుగు మీద అతికించకుండా విడిగా పంపి, అక్కడ తొడుక్కునేలా చేయొచ్చా అని బాబాయి చూస్తున్నాడు అత్తయ్యగారూ. కుదిరితే పెట్టె ఎత్తు సగమవుతుంది. రెండు రోజుల్లో కొలిచి చెప్తా. ఇంకో సందేహం, మెల్‌బోర్న్ నుంచి ఒకరు సంక్రాంతి కొలువుకి అడుగుతున్నారు. ఆస్ట్రేలియాలో చెక్క వస్తువులు ఆపేస్తారంటున్నారు, నిజమేనా?

వెస్ట్‌కోస్ట్_వెంకట్
చెక్క అయినంత మాత్రాన ఆపరు, తనిఖీ చేస్తారు. బెరడు ఉండకూడదు, పురుగు గానీ పురుగు తొలిచిన రంధ్రాలు గానీ కనిపించకూడదు. అనుమానం వస్తే మందు పొగ పెట్టిస్తారు, లేదా నాశనం చేస్తారు, ఖర్చు కొన్నవాళ్ల మీద పడుతుంది. అడుగు భాగం చూడండి, చాలా బొమ్మలకి కింద రంగు వేయకుండా వదిలేస్తారు. అక్కడ బెరడు ముక్క మిగిలితే దొరికిపోతుంది. పెట్టెలో గడ్డి, రంపపు పొట్టు పెట్టొద్దు, కాగితమే వాడండి. కస్టమ్స్ కాగితం మీద చెక్క అని స్పష్టంగా రాయండి.

కొండపల్లి_పిల్ల
పిన్ని ఇప్పుడే సెట్టు తిరగేసి చూసింది. కూర్మం అడుగున ఒక చోట బెరడు ఉంది. గీకించి, రంగు వేయించి, అప్పుడు ఆవిడకి ధర చెప్తాం.

మంగళగిరి_మగ్గం
ఆ నోటుబుక్ పేజీ ఒకటి ఫోటో తీసి పెట్టమ్మా. చీరలకి నేనూ సోమవారం నుంచి మొదలుపెడతా. నా మొదటి జత: మడతపెట్టిన చీర, కట్టుకున్న చీర.

లబ్బీపేట_లెక్కలు
ఒకే చీర అయ్యేలా చూసుకోండి మగ్గం గారూ, రంగు మారిస్తే మళ్లీ మొదటికే వస్తాం.